ఆన్‌కాల్ రోస్టర్: వారాలు లెక్కిస్తే చాలదు, రాత్రులూ లెక్కించాలి

న్యూయార్క్‌లో వేసవి సాయంత్రం ఐదు గంటలయ్యే వేళకు హైదరాబాద్‌లో అర్ధరాత్రి దాటి రెండున్నర అవుతుంది. అక్కడ కొనుగోళ్లు జోరుగా సాగే ఆ సమయంలో చెల్లింపుల సర్వర్ మొరాయిస్తే, ఇక్కడ నిద్రలో ఉన్న ఒక ఇంజినీరు ఫోను మోగుతుంది. కొద్ది నిమిషాల్లో లేచి, ల్యాప్‌టాప్ తెరిచి, లోపం ఎక్కడుందో కనిపెట్టి సరిచేయడం ఆ వారం ఆయన లేదా ఆమె బాధ్యత. దీనినే ఐటీ రంగంలో ‘ఆన్‌కాల్’ అంటారు. ఎవరి వంతు ఎప్పుడో చెప్పే పట్టిక ఆన్‌కాల్ రోస్టర్.

వారానికొకరి చొప్పున పేర్లు వరుసగా రాసుకుంటే రోస్టర్ తయారైనట్టేనని చాలా బృందాలు భావిస్తాయి. కొన్ని నెలలు గడిచాక ఫిర్యాదులు మొదలవుతాయి. అందరికీ సమానంగానే వారాలు వచ్చినా, కొందరు హాయిగా నిద్రపోయి ఉంటారు, కొందరు వరుసగా రాత్రులు మేల్కొని ఉంటారు. ప్రతిఫలంగా దక్కాల్సిన సెలవు కొందరి ఖాతాలో వాడకుండానే మురిగిపోయి ఉంటుంది. వంతులు సమానమైనంత మాత్రాన భారం సమానం కాదు. ఈ తేడాను ముందే గుర్తించి రోస్టర్‌ను ఎలా రూపొందించాలో ఒక ఉదాహరణతో పరిశీలిద్దాం.

కట్టుబడి ఉండటం వేరు, మేల్కొనడం వేరు

ఆన్‌కాల్‌లో రెండు రకాల భారాలున్నాయి. మొదటిది కట్టుబడి ఉండటం. ఫోను ఒక్కసారి కూడా మోగకపోవచ్చు. అయినా ఆ వారం సినిమాకు వెళ్లడం, ఊరికి ప్రయాణం కట్టడం, ఇంటర్నెట్ అందని చోటుకు పోవడం కుదరదు. రెండోది నిజంగా లేచి పనిచేయడం. మొదటిది స్వేచ్ఛను తగ్గిస్తుంది, రెండోది నిద్రను హరిస్తుంది. ఈ రెండింటికీ ఒకే పరిహారం సరిపోదు.

మొదటి భారం ఎంత బరువైనదో స్పందన గడువును బట్టి తేలుతుంది. ఐరోపా న్యాయస్థానం ఇచ్చిన రెండు తీర్పులు దీనిని స్పష్టం చేశాయి. బెల్జియంలోని నివెల్ పట్టణానికి చెందిన ఒక స్వచ్ఛంద అగ్నిమాపక సిబ్బంది ఇంటి వద్దే ఉన్నప్పటికీ, పిలుపు వస్తే 8 నిమిషాల్లో కేంద్రానికి చేరాల్సి ఉండేది. అలాంటి నిరీక్షణ పని సమయం కిందికే వస్తుందని 2018లో న్యాయస్థానం తేల్చింది. స్లొవేనియాలోని ఒక టెలివిజన్ ప్రసార కేంద్రం సాంకేతిక నిపుణుడికి మాత్రం గంట గడువు ఉండేది. ఆంక్షలు మనిషి తన సమయాన్ని తాను వాడుకునే వీలును గణనీయంగా దెబ్బతీసినప్పుడే నిరీక్షణ మొత్తాన్ని పని సమయంగా చూడాలని 2021లో చెప్పింది. అంటే గడువు ఎంత బిగిస్తే, ఇంట్లో ఉన్న మనిషి అంతగా కార్యాలయంలో ఉన్నట్టే.

భారత్‌లో ఐటీ ఉద్యోగుల ఆన్‌కాల్ వేళలకు ఇంత స్పష్టమైన రక్షణ లేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలు 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టంలో పని వేళలకు సంబంధించిన కొన్ని నిబంధనల నుంచి ఐటీ సంస్థలకు షరతులతో మినహాయింపులు ఇచ్చాయి. పని వేళలు ముగిశాక ఫోనుకు స్పందించకుండా ఉండే హక్కును కోరుతూ లోక్‌సభ ముందుకు వచ్చిన ప్రైవేటు బిల్లు చట్టరూపం దాల్చలేదు. కాబట్టి ఆచరణలో ఈ నియమాలను చాలావరకు సంస్థ, బృందమే రాసుకోవాలి.

ఎనిమిది మంది ఎందుకు?

రోస్టర్ వేయడానికి ముందు తేల్చుకోవాల్సింది బృందం పరిమాణం. ప్రతి వారం ఇద్దరు విధుల్లో ఉండాలి. అలర్ట్ ముందుగా చేరేది ‘ప్రైమరీ’కి. ఆ వ్యక్తి స్పందించకపోయినా, సాయం అవసరమైనా రంగంలోకి దిగేది ‘సెకండరీ’. ఒక్కరినే పెడితే ఆ వ్యక్తికి జ్వరం వచ్చినా, ఫోను చార్జింగ్ అయిపోయినా వ్యవస్థ మొత్తం దిక్కులేనిదవుతుంది.

గూగుల్ సంస్థ సైట్ రిలయబిలిటీ ఇంజినీరింగ్ విధానాన్ని వివరిస్తూ 2016లో వెలువరించిన పుస్తకంలో, ఇంజినీరు సమయంలో నాలుగో వంతుకు మించి ఆన్‌కాల్ ఉండరాదన్న పరిమితి ఉంది. వారానికి ఇద్దరు విధుల్లో ఉంటూ ఒక్కొక్కరికి నాలుగు వారాలకు ఒకసారి మాత్రమే వంతు రావాలంటే కనీసం ఎనిమిది మంది కావాలి. ఇదే బృందంలో నలుగురే ఉంటే ప్రతి ఒక్కరూ రెండు వారాలకొకసారి, అంటే ఏడాదిలో సగం రోజులు ఫోనుకు కట్టుబడి ఉంటారు. రోస్టర్‌ను ఎంత నేర్పుగా వేసినా ఈ లెక్క మారదు.

అందుకే చిన్న బృందాలు ముందు మరో ప్రశ్న వేసుకోవాలి. ఈ సేవకు నిజంగా 24 గంటల కాపలా అవసరమా? సంస్థలోపలి ఉద్యోగులు వాడే నివేదికల వ్యవస్థ రాత్రి ఆగిపోతే ఉదయం పది గంటలకు సరిచేసినా ఎవరికీ నష్టం ఉండదు. అలాంటి వాటికి ఉదయం ఏడు నుంచి రాత్రి పదకొండు వరకే కాపలా పెట్టవచ్చు. తప్పనిసరి అయితే పొరుగు బృందంతో రోస్టర్‌ను కలపవచ్చు. లేదా మరో దేశంలోని బృందంతో పంచుకుని, ఎవరి పగలు వారు చూసుకోవచ్చు. ఇవేవీ కుదరనప్పుడు రాత్రి హామీ ఇవ్వలేమని ఖాతాదారుకు ముందే చెప్పడం ఉత్తమం. నలుగురి నిద్ర మీద నిలబెట్టిన హామీ ఒకరు రాజీనామా చేసిన రోజున కూలిపోతుంది.

ఎనిమిది మంది రోస్టర్ ఇలా ఉంటుంది

హైదరాబాద్‌లో చెల్లింపుల సేవను చూసే ఎనిమిది మంది బృందాన్ని ఉదాహరణగా తీసుకుందాం. వారిని క, ఖ, గ, ఘ, చ, ఛ, జ, ఝ అని పిలుద్దాం. మొదటి వారం ‘క’ ప్రైమరీ, రెండో వారం ‘ఖ’, ఇలా ఎనిమిది వారాలకు ఒక చుట్టు పూర్తవుతుంది. సెకండరీ వంతు నాలుగు వారాల దూరంలో ఉంటుంది. మొదటి వారం ‘క’కు తోడుగా ‘చ’ ఉంటే, ఐదో వారం ‘చ’ ప్రైమరీ అవుతారు, ‘క’ సెకండరీ అవుతారు. సెకండరీగా చేసిన వ్యక్తి మరుసటి వారమే ప్రైమరీ అయ్యే పద్ధతి కూడా వాడుకలో ఉంది. అందులో పరిస్థితిపై అవగాహన తెగిపోకుండా కొనసాగుతుంది, కానీ వరుసగా రెండు వారాలు ఇల్లు కదలలేని స్థితి వస్తుంది. నాలుగు వారాల ఎడం ఉంటే మధ్యలో మూడు వారాలు పూర్తిగా విడుదల.

విధి మార్పిడికి బుధవారం ఉదయం 11 గంటలు అనువైన సమయం. అప్పటికి ఇద్దరూ కార్యాలయంలో ఉంటారు, మెలకువగా ఉంటారు. శుక్రవారం సాయంత్రం మార్చితే కొత్తగా వచ్చిన వ్యక్తి ఏ సమస్య నలుగుతున్నదో పూర్తిగా తెలియకుండానే వారాంతంలోకి అడుగుపెడతారు. అర్ధరాత్రి మార్చితే ఆ క్షణంలో వచ్చిన అలర్ట్ ఎవరిదో తేలదు. మార్పిడి వేళ పావుగంట కూర్చుని, గత వారం మోగిన అలర్ట్‌లు, తాత్కాలికంగా అతుకు వేసి వదిలిన లోపాలు, రాబోయే రోజుల్లో విడుదల కానున్న మార్పులు చెప్పుకోవాలి.

అలర్ట్ మోగాక ఐదు నిమిషాల్లో ప్రైమరీ అందుకున్నట్టు నొక్కాలి. పావుగంటలో ల్యాప్‌టాప్ ముందు ఉండాలి. ఐదు నిమిషాలు దాటితే అలర్ట్ దానంతట అదే సెకండరీకి, మరో పది నిమిషాలు దాటితే మేనేజరుకు చేరుతుంది. మూడో మెట్టుగా మేనేజరు ఉండటానికి ఒక కారణముంది. తన ఫోను కూడా మోగితే తప్ప, రాత్రి అలర్ట్‌ల బాధ నిర్ణయాలు తీసుకునేవారికి తెలియదు.

విశ్రాంతి అడిగి తీసుకునేది కాకూడదు

ఇప్పుడు ‘క’ గడిపిన ఒక వారాన్ని చూద్దాం. గురువారం రాత్రి పడుకున్నాక, శుక్రవారం తెల్లవారుజామున 2:10కి ఫోను మోగింది. పని 3:20కి ముగిసింది. ఈ బృందం ఐరోపా నిబంధనల్లోని 11 గంటల రోజువారీ విశ్రాంతి సూత్రాన్ని తన నియమంగా రాసుకుంది. కాబట్టి మధ్యాహ్నం 2:20 వరకు ‘క’కు పని లేదు, ఉదయం సమావేశం లేదు. అంతకంటే ముఖ్యంగా, ఆ గంటలన్నీ అలర్ట్‌లు ‘చ’కు వెళతాయి. ఈ రెండో భాగాన్ని చాలా సంస్థలు మరచిపోతాయి. ‘ఆలస్యంగా రండి’ అని చెప్పి ఫోనును మాత్రం ఆ వ్యక్తి దిండు పక్కనే వదిలేస్తాయి. మోగవచ్చునన్న ఫోను పక్కన ఉంటే అది విశ్రాంతి కాదు, విధికి కొనసాగింపే.

శనివారం రాత్రి మరింత కష్టంగా గడిచింది. అర్ధరాత్రి దాటాక 12:40కి ఒకసారి, 4:15కి మరోసారి లేవాల్సి వచ్చింది. రెండో పని 5:05కి ముగిసింది. ఒకే రాత్రి రెండుసార్లు మేల్కొంటే మరుసటి రాత్రి కూడా సెకండరీ చూసుకోవాలన్నది ఈ బృందం రెండో నియమం. దాని ప్రకారం ఆదివారం తెల్లవారుజాము నుంచి సోమవారం ఉదయం తొమ్మిది వరకు ‘చ’ అలర్ట్‌లు అందుకున్నారు. ఆ రాత్రి ‘చ’ పేరిట ప్రైమరీ రాత్రిగా నమోదైంది. సాయం చేసినవారి భారం లెక్కలోకి రాకపోతే ఒకరికి చేసిన న్యాయం మరొకరికి అన్యాయమవుతుంది.

బుధవారం 11 గంటలకు ‘క’ విధి అప్పగించారు. గురువారం ఆమెకు సెలవు. ఇది రాత్రి మేల్కొన్నందుకు కాదు, శని ఆదివారాలు కట్టుబడి ఉన్నందుకు. ఫోను ఒక్కసారి మోగకపోయినా ఈ రోజు ఆమెకు దక్కేదే. సెకండరీగా ఉన్న ‘చ’కు అరరోజు వస్తుంది. ఈ కాంప్ ఆఫ్‌ను తర్వాత అడిగి తీసుకునే వీలుగా ఖాతాలో వేయకుండా, రోస్టర్ వేసిన రోజునే తేదీతో సహా క్యాలెండర్‌లో రాసేశారు. ఖాతాలో వేసిన సెలవుకు ప్రతిసారీ మేనేజరు అనుమతి కావాలి, పనుల గడువులు అడ్డొస్తాయి, చివరకు అది మురిగిపోతుంది. పైగా శరీరానికి విశ్రాంతి కావాల్సింది ఆ వారంలోనే, మూడు నెలల తర్వాత కాదు.

ఆన్‌కాల్‌కు డబ్బు ఇచ్చే సంస్థలూ ఉన్నాయి. డబ్బు న్యాయమైన పరిహారమే, కానీ అది పోయిన నిద్రను తిరిగి తేలేదు. అదీగాక, డబ్బు అవసరమున్నవారు ఇతరుల వంతులు కూడా కొనుక్కుని అలసటతో పనిచేసే ప్రమాదముంది. గూగుల్ తన పుస్తకంలో సెలవు లేదా నగదు అనే రెండు మార్గాలను చెబుతూ, పరిహారానికి జీతంలో కొంత శాతం మేరకు పరిమితి విధించడానికి ఇదొక కారణం. కట్టుబడి ఉన్నందుకు డబ్బో సెలవో ఎంచుకునే అవకాశం ఇవ్వవచ్చు. రాత్రి మేల్కొన్నందుకు మాత్రం విశ్రాంతి తప్ప మరో ప్రత్యామ్నాయం ఉండకూడదు.

ఈ సెలవులన్నీ ఎక్కడి నుంచి వస్తాయన్నది మేనేజర్ల సహజ ప్రశ్న. ఎనిమిది మంది వారానికి ఐదు రోజుల చొప్పున 40 పనిదినాలు. ప్రైమరీ ఆ వారం కొత్త పని ఏదీ చేపట్టరు కాబట్టి ఐదు తీసేయాలి. గత వారపు ప్రైమరీ సెలవు ఒకటి, సెకండరీది అర, రాత్రి తర్వాత సెకండరీ ఫోను చూసుకునే గంటలు సుమారు అర. మిగిలేది 33. ఆ బృందం వాగ్దానం చేయగల పని అంతే. 40 రోజుల పని ఒప్పుకున్న మేనేజరు, మిగిలిన ఏడు రోజులను తన బృందం విశ్రాంతి నుంచే తీసుకుంటున్నారన్నమాట.

సంక్రాంతి ఎవరి వంతు?

వరుసక్రమం నిష్పక్షపాతంగా కనిపించినా, అందులో ఒక గణిత చిక్కు దాగి ఉంది. ఏడాదికి 52 వారాలు. నలుగురి రోస్టర్‌లో 52ను నాలుగు నిశ్శేషంగా భాగిస్తుంది. అందువల్ల ఈ ఏడాది సంక్రాంతి వారంలో విధుల్లో ఉన్న వ్యక్తే వచ్చే ఏడాదీ అదే వారం ఉంటారు. సంక్రాంతి సౌరమానం ప్రకారం జనవరి మధ్యలోనే వస్తుంది కనుక, ఒక వ్యక్తి వరుసగా కొన్నేళ్లు పండుగకు ఊరికి వెళ్లలేకపోవచ్చు. ఎనిమిది మంది ఉన్నా శేషం నాలుగు కాబట్టి అదే ఇద్దరి మధ్య సంక్రాంతి మారుతూ ఉంటుంది. మిగతా ఆరుగురికి అది చాలాకాలం తగలదు.

పరిష్కారం పండుగ రోజులను వారాల వరుస నుంచి వేరుచేయడం. ఏడాది మొదట్లోనే ప్రతి ఒక్కరూ తమకు ముఖ్యమైన రెండు లేదా మూడు పండుగలు చెబుతారు. దేశం నలుమూలల నుంచి వచ్చినవారున్న బృందంలో ఒకరికి సంక్రాంతి, మరొకరికి ఓనం, ఇంకొకరికి ఛఠ్ పూజ, వేరొకరికి రంజాన్ ముఖ్యం కావచ్చు కనుక చాలా తేదీలు సులువుగా సర్దుబాటవుతాయి. పేరును బట్టి, ఊరును బట్టి మేనేజరు ఊహించరాదు, అడిగి తెలుసుకోవాలి. దీపావళి వంటి అందరూ కోరే రోజుకు చీటీలు వేసి, ఈసారి చేసినవారిని తర్వాతి చీటీల నుంచి తప్పిస్తారు. పండుగ నాడు విధి నిర్వహించినవారికి రెండు రోజుల బదులు సెలవు.

మధ్యలో వంతులు మార్చుకోవడం ఇద్దరి ఇష్టం. దానికి అనుమతి అక్కర్లేదు, రోస్టర్‌లో నమోదు చేస్తే చాలు. పసిబిడ్డల తల్లిదండ్రులకు, అనారోగ్యంతో ఉన్నవారికి రాత్రి మినహాయింపు ఇచ్చినప్పుడు మాత్రం, వారి వంతు ఎవరికి చేరిందో, ఎంతకాలమో స్పష్టంగా రాయాలి. రాయని మినహాయింపు కాలక్రమంలో సహోద్యోగుల మధ్య అసంతృప్తిగా మారుతుంది.

పద్దు బయటపెట్టే నిజాలు

రోస్టర్ న్యాయంగా ఉందో లేదో తెలియాలంటే పద్దు రాయాలి. ప్రతి మనిషి పేరిట నాలుగు అంకెలు చాలు: కట్టుబడిన వారాంతాలు, నిద్రాభంగమైన రాత్రులు, రాత్రి పనిచేసిన గంటలు, వాడుకున్న బదులు సెలవులు. రెండు చుట్లు, అంటే 16 వారాలు పూర్తయ్యాక ఆ అంకెలను అందరి ముందూ ఉంచాలి.

పై బృందంలో అలా చూసినప్పుడు ఇలాంటి చిత్రం కనిపించిందనుకుందాం. ‘క’, ‘గ’ ఇద్దరూ చెరో రెండు వారాలు ప్రైమరీగా చేశారు. ‘క’కు నిద్ర చెడిన రాత్రులు రెండే, ‘గ’కు తొమ్మిది. కారణం వెతికితే, ‘గ’ వారాలు రెండూ నెలాఖరులో పడ్డాయి. నెలాఖరున రాత్రి ఒంటిగంటకు ఖాతాలు సరిపోల్చే ప్రోగ్రామ్ నడుస్తుంది. మొదటి ప్రయత్నంలో విఫలమైతే అలర్ట్ మోగుతుంది. కానీ అరగంట తర్వాత అది తానే మళ్లీ ప్రయత్నించి, చాలాసార్లు విజయవంతమవుతుంది. అంటే ‘గ’ లేచి చేసిందేమీ లేదు, చూస్తూ కూర్చోవడం తప్ప. పరిష్కారంగా, తెల్లవారుజామున ఐదింటికి కూడా పని పూర్తికాకపోతేనే అలర్ట్ మోగేలా మార్చారు. తర్వాతి చుట్టులో ‘గ’కు ఒక వారాంతం తగ్గించారు.

ప్రతి అలర్ట్‌కూ ఇదే పరీక్ష వర్తిస్తుంది. మోగిన క్షణాన మనిషి చేయాల్సిన పని ఏదైనా ఉందా? డిస్క్ 80 శాతం నిండిందన్న సమాచారం, అది రోజుకు ఒక శాతం చొప్పున నిండుతుంటే, ఉదయం చూడదగినదే. నాలుగు గంటల్లో పూర్తిగా నిండిపోయే వేగముంటే మాత్రం నిద్ర లేపాల్సిందే. 12 గంటల విధిలో రెండు ఘటనలకు మించి వస్తే వాటి మూలాలను సరిచేసే వ్యవధి ఉండదన్నది గూగుల్ పుస్తకం చెప్పే పరిమితి. ఆ హద్దు తరచూ దాటుతుంటే లోపం రోస్టర్‌లో కాదు, సాఫ్ట్‌వేర్‌లోనో, అలర్ట్‌లలోనో ఉంది. అప్పుడు కొత్త పనులు ఆపి మరమ్మతులు చేపట్టడం తప్ప దారి లేదు.

పద్దులో వెంటనే కనిపించనిది మరొకటుంది. ‘జ’ ప్రైమరీ వారాలు ప్రశాంతంగానే గడిచాయి. కానీ డేటాబేస్ గురించి లోతుగా తెలిసింది ఆయనకే. అందువల్ల ఎవరి వంతులోనైనా చిక్కు వస్తే అందరూ ఆయనకే ఫోను చేశారు. ఆ 16 వారాల్లో రోస్టర్‌లో లేని ఏడు రాత్రులు ఆయన మేల్కొన్నారు. ఆ ఫోన్లు అలర్ట్ వ్యవస్థ ద్వారా కాక వ్యక్తిగత నంబరుకు వెళ్లాయి కనుక ఎక్కడా నమోదు కాలేదు. ప్రతి ఘటనలో ఎవరెవరు పాల్గొన్నారో చాట్ సందేశాల నుంచి ఏరి చూస్తేనే ఇది బయటపడుతుంది. నిపుణులుగా పేరు తెచ్చుకున్నవారు నిశ్శబ్దంగా అలసిపోయి ఉద్యోగం మానేయడానికి తరచూ ఇదే మూలం.

ఇందుకు బృందం రెండు పనులు చేసింది. రోస్టర్‌లో లేని వ్యక్తిని పిలిస్తే అదీ నిద్రాభంగమైన రాత్రిగానే లెక్కలోకి వస్తుంది, అదే 11 గంటల విశ్రాంతి వర్తిస్తుంది. రెండోది, ‘జ’ ఒకసారి చేసిన ప్రతి పరిష్కారాన్నీ మరుసటి రోజు పగటి వేళ, ఆ రాత్రి ప్రైమరీగా ఉన్నవారే కూర్చుని మెట్టుమెట్టుగా రాయాలి. ‘జ’ చదివి సరిదిద్దుతారు. ఇలా తయారయ్యే సూచనల పుస్తకాన్ని రన్‌బుక్ అంటారు. నిపుణుడే రాస్తే తనకు తెలిసినవి వదిలేస్తాడు. తెలియనివారు రాస్తేనే తెల్లవారుజామున మూడు గంటలకు మరొక తెలియనివారికి అర్థమవుతుంది. కొత్తగా చేరినవారు కూడా రెండు వంతులు మరొకరి పక్కన ఉండి చూశాకే సొంతంగా ఫోను అందుకోవాలి.

తర్వాతి 16 వారాల పద్దులో చూడాల్సినవి రెండే. ‘జ’ పేరిట రోస్టర్‌లో లేని రాత్రులు ఏడు నుంచి ఎంతకు తగ్గాయి? రాసిన బదులు సెలవుల్లో వాడనివి ఎన్ని మిగిలాయి? రెండో అంకె సున్నా కాకపోతే, కాగితం మీద ఎంత చక్కగా ఉన్నా ఆ రోస్టర్ ఇంకా ఎవరో ఒకరికి బాకీ పడి ఉన్నట్టే.